మేకుల్ని బట్టి బెంచీ

ప్యాలెట్ విప్పేటప్పుడు పలక నడిమధ్యన పగలడం అరుదు. పగిలేది చివరనే. చివరి నుంచి రెండు సెంటీమీటర్ల దూరంలో మేకులు ఉంటాయి. ఆ మేకుకీ పలక కొసకీ మధ్య మిగిలిన చెక్కకి బలం తక్కువ. గునపం దూర్చి ఒక పక్కనుంచి ఎత్తగానే ఆ కాస్త చెక్క నార వెంబడి నిలువునా చీలిపోతుంది. మిగతా తొంభై అయిదు సెంటీమీటర్లు నిక్షేపంలా ఉన్నా ఆ పలకని వంటచెరకు కుప్పలో పడేస్తారు.

తప్పు చెయ్యి బలానిది కాదు, మేకుది. ఇంట్లో ఫొటో తగిలించే మేకు నున్నగా ఉంటుంది, పటకారుతో లాగితే వచ్చేస్తుంది. ప్యాలెట్ల మేకులు అలా ఉండవు. గాలి ఒత్తిడితో పనిచేసే గన్నుతో దిగగొట్టే ఈ మేకుల ఒంటి నిండా ఉంగరాల్లాంటి గాట్లు గానీ, మెలిదిరిగిన మరలు గానీ ఉంటాయి. మేకు దిగేటప్పుడు చెక్క నార పక్కకి వంగి, ఆ గాట్లలోకి మళ్లీ సర్దుకుంటుంది. బయటికి లాగితే ప్రతి గాటూ నారని పట్టుకుని ఆపుతుంది. టన్ను సరుకు మోస్తూ, లారీలో ఎగిరెగిరి పడుతూ కూడా ఊడకూడదనే వాటిని అలా చేశారు. కాబట్టి విప్పేవాడు మేకుతో కుస్తీ పట్టకూడదు. మేకు ఎక్కడుందో చూసుకుని, దానికి తగ్గట్టు పనిని మలచుకోవాలి. బెంచీ కొలతలు కూడా అక్కడినుంచే తీసుకోవచ్చు. ఈ వ్యాసంలో చెప్పే బెంచీ అలా పుట్టిందే.

ముందు ప్యాలెట్ సంగతి. మన పారిశ్రామికవాడల్లో, జీడిమెట్లలోనైనా పటాన్‌చెరులోనైనా విశాఖ గాజువాక ఆటోనగర్‌లోనైనా, పాత చెక్క అమ్మే చోట్ల ఎక్కువగా దొరికే రకం 1,200 మిల్లీమీటర్ల పొడవు, 1,000 వెడల్పు ఉంటుంది. అడుగున పొడవు వెంబడి మూడు దిట్టమైన పట్టెలు ఉంటాయి. ఈ పనిలో ఉన్నవాళ్లు వాటిని రన్నర్లు అంటారు. వాటికి అడ్డంగా పైన ఏడు పలకలు, కింద మూడు. అంటే ప్రతి పలకా మీటరు పొడవు, మూడు చోట్ల మేకులు: రెండు కొసల్లో, మధ్యలో. ఇంకో రకంలో రన్నర్లకు బదులు తొమ్మిది చెక్క దిమ్మలు ఉంటాయి. దాన్ని విప్పడం కష్టం, విప్పాక పొడుగు పట్టెలు మిగలవు. బెంచీ కోసమైతే రన్నర్ల రకమే తెచ్చుకోండి. ఫోర్క్‌లిఫ్ట్ ముళ్లు పక్కనుంచి కూడా దూరేలా రన్నర్లకు గాళ్లు కోసినవి కొన్ని వస్తాయి, అవి వద్దు. గాడి దగ్గర పట్టె సగానికి సన్నబడి ఉంటుంది.

కొనేముందు ప్యాలెట్ పక్కన ముద్ర ఉందేమో చూడండి. దేశాలు దాటే ప్యాలెట్లకు ఐఎస్‌పీఎమ్-15 అనే అంతర్జాతీయ నిబంధన ఉంది, 2002లో వచ్చింది. ఒక దేశపు చెక్కపురుగు ఇంకో దేశపు అడవుల్లోకి పోకుండా చెక్కని ముందే శుద్ధి చేయాలన్నది దాని సారం. గోధుమ కంకి బొమ్మ, పక్కన దేశం కోడ్, కింద శుద్ధి చేసిన పద్ధతి ముద్రలో ఉంటాయి. హెచ్‌టీ అని ఉంటే చెక్క లోపలి గుజ్జు దాకా 56 డిగ్రీల వేడి కనీసం 30 నిమిషాలు తగిలేలా కాచారని అర్థం. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని. ఎంబీ ముద్ర ఉన్నదాన్ని వదిలేయండి. దేశంలోనే తిరిగే ప్యాలెట్లకు ఈ నిబంధన వర్తించదు, కాబట్టి ముద్ర లేకపోవడం దానికదే లోపం కాదు. నూనె మరకలు, రసాయనాల వాసన ఉంటే మాత్రం ముద్ర ఉన్నా లేకపోయినా ముట్టుకోవద్దు. మొత్తం నీలం రంగు పూసినవి చాలావరకు అద్దె సంస్థల సొత్తు. అవి పాతసామాన్ల దుకాణంలో కనిపించినా అమ్మే హక్కు ఆ దుకాణదారుకి ఉండకపోవచ్చు.

హెచ్‌టీ ముద్ర చూసి చాలామంది చెద పట్టదని అనుకుంటారు. అది నిజం కాదు. ఆ కాచడం అప్పటికే లోపలున్న పురుగును చంపుతుంది, అంతే. రేపు మీ తోటలో చెదలు ఎక్కకుండా అది ఏమీ చేయదు.

చెక్క జాతి సంగతి. లేత పసుపు రంగులో తేలిగ్గా ఉండి, కోస్తే జిగురు వాసన వచ్చేది పైన్. దిగుమతి సరుకుతో వచ్చేవి, ఎగుమతుల కోసం ఇక్కడ చేసేవి చాలావరకు ఇదే. పైన్ మెత్తన, కాబట్టి మేకులు కాస్త వదులుతాయి. మన దగ్గర తయారయ్యే వాటిలో నీలగిరి, తుమ్మ, ఇంకా చేతికందిన ప్రతి కలపా ఉంటుంది. అవి బరువుగా, గట్టిగా ఉంటాయి. బెంచీకి మంచివే, కానీ ఎండిన నీలగిరి నుంచి మేకు లాగాలని చూస్తే మేకు తలైనా తెగుతుంది, పలకైనా చీలుతుంది. వాటిని లాగడం మానేసి మేకుల్నే కోసేయాలి. తెల్లగా, పోగులు పెద్దగా కనిపించకుండా ఉండే రబ్బరు చెక్కని మాత్రం ఆరుబయట పెట్టకండి. బూజుకీ, చెక్కని పిండిచేసే పురుగుకీ అది ఇట్టే లొంగుతుంది.

ఇక మన ఉదాహరణ. పైన్ ప్యాలెట్లు రెండు. కొలిస్తే రన్నరు 1,200 పొడవు, 90 ఎత్తు, 45 మందం. పలకలు 1,000 పొడవు, 95 వెడల్పు, 18 మందం (అన్నీ మిల్లీమీటర్లలో). మీకు దొరికిన ప్యాలెట్ కాస్త తేడాగా ఉండొచ్చు, లెక్క మాత్రం ఇదే పద్ధతిలో సాగుతుంది. రెండింటికీ కలిపి రన్నర్లు ఆరు, పలకలు ఇరవై. మనకి పనికొచ్చే పలకలు ఎనిమిదే, కాబట్టి ఎంచుకునే వీలు బాగా ఉంది.

మీటరు పొడుగు పలకల్ని బెంచీ పొడవు వెంబడి పరిచేయాలని ఎవరికైనా మొదట అనిపిస్తుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ 18 మి.మీ. పలక మధ్యలో ఆసరా లేకుండా మీటరు దూరం మనిషిని మోయలేదు, ఊయలలా కిందికి వంగుతుంది. పైగా మధ్యలో పాత మేకుల బెజ్జాలు కూర్చునే చోటే పడతాయి. పలకల్ని ముందునుంచి వెనక్కి, అడ్డంగా వేస్తే రెండు చిక్కులూ పోతాయి. దాటాల్సిన దూరం అరమీటరు కూడా ఉండదు. పలకని మధ్య రన్నరుకి అటూ ఇటూ కోసేస్తే ఒక్కో పలక నుంచి 475 మి.మీ. ముక్కలు రెండు వస్తాయి, మధ్య మేకులు ఆ 45 మి.మీ. తుంటలోనే ఉండిపోతాయి. ఒక్కో ముక్కకి ఒక కొసలో మాత్రమే బెజ్జాలు మిగులుతాయి. ఆ కొసని వెనక్కి తిప్పి వేస్తే అవి వీపు ఆనే పలకల వెనక దాక్కుంటాయి. 475 అంటే కూర్చోడానికి సరిపోయే లోతు. అదే బెంచీ లోతు.

ఈ పద్ధతిలో ఇంకో లాభం ఉంది. పలక పగలడానికి అసలు కారణం మూడు చోట్లా బిగించి ఉండటమే. ఒక కొస ఎత్తుతుంటే మధ్య మేకులు పలకని కిందికి పట్టి ఉంచుతాయి, పలక విల్లులా వంగుతుంది, ఆ వంపు భారమంతా కొసనున్న మేకు చుట్టూ పడుతుంది. మధ్యలో ముందే కోసేస్తే ఆ పెనుగులాట ఉండదు. ప్రతి ముక్కా ఒక్క చోటే పట్టి ఉంటుంది.

కోత ఇలా. మధ్య రన్నరు పక్కగోడని ఆనించి పలక మీద గీత గీయండి. మేకులన్నీ రన్నరు మందంలోనే ఉంటాయి కాబట్టి గీతకి బయట కోస్తున్నంతసేపు రంపానికి ఇనుము తగలదు. చేతి రంపం చాలు. కరెంటు రంపమైతే పలక మందం కంటే రెండు మి.మీ. మాత్రమే ఎక్కువ దిగేలా బ్లేడు అమర్చండి. కళ్లద్దాలు, మందపాటి చేతితొడుగులు, అడుగు గట్టిగా ఉన్న బూట్లు తప్పనిసరి. మేకులు పైకి తేలిన చెక్కల మధ్య చెప్పులతో తిరగడం ధనుర్వాతాన్ని పిలవడమే.

తర్వాత కొసలు ఎత్తాలి. మామూలు గునపం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే అది రన్నరుకి ఒక పక్కనే ఎత్తుతుంది. పలక ఒరిగి లేస్తుంది, మేకు నిట్టనిలువుగా ఉంటుంది, మధ్యలో చెక్క నలిగి చీలుతుంది. రన్నరుకి రెండు పక్కలా ఒకేసారి ఎత్తాలి. దీనికోసం రెండు వేళ్ల మీట ఒకటి అమ్ముతారు. ఏ వెల్డింగు షాపులోనైనా చేయించుకోవచ్చు కూడా: పది మి.మీ. మందపు ఇనుప పట్టీలు రెండు, మధ్యలో రన్నరు పట్టేలా 55 మి.మీ. ఎడం, రన్నరు నెత్తిమీద ఆనడానికి వాటి మధ్య ఒక అడ్డ కడ్డీ, పైన మీటరు పొడుగు ఇనుప గొట్టం. రెండు వేళ్లూ పలక కిందికి దూర్చి గొట్టాన్ని వెనక్కి వంచితే, అడ్డ కడ్డీ రన్నరు మీద ఆని, పలక అటూ ఇటూ సమంగా పైకి లేస్తుంది.

ఒక్క ఊపులో ఊడదీయాలనుకోకండి. మూడు నాలుగు మి.మీ. లేపి ఆపి, పక్క ముక్కకి వెళ్లండి. అలా వరసంతా ఒకసారి వదులు చేసి మళ్లీ మొదటికి రండి. రెండో విడతలో చాలా ముక్కలు కిర్రుమంటూ లేచి వస్తాయి. ఈ పని సాగుతున్నంతసేపు చూపు మేకు తల మీదే ఉండాలి. పలకతోపాటు మేకు తల కూడా పైకి లేస్తుంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. పలక లేస్తున్నా తల ఉన్నచోటే ఉండి చెక్కలోకి మునిగిపోతుంటే రన్నరు మేకుని వదలడం లేదని అర్థం. ఇంకాస్త ఎత్తితే తల పలకలోంచి తూట్లు పొడుచుకుని కిందికి దిగిపోతుంది, లేదా పలకే చీలుతుంది. తల మునగడం మొదలవగానే మీట పక్కన పెట్టేయండి. టిక్కుమని చిన్న శబ్దం వచ్చి, మేకు నుంచి కొస దాకా వెంట్రుకంత గీత కనబడితే అప్పటికే ఆలస్యమైంది. ఆ ముక్కని కాళ్ల మధ్య ఆసరాలకి వాడుకోవచ్చు.

మొండికేసిన మేకుని కోయాలి. పలకకీ రన్నరుకీ మధ్య అప్పటికే రెండు మూడు మి.మీ. సందు వచ్చి ఉంటుంది. అది మూసుకుపోకుండా కొస పలచగా చెక్కిన చెక్కముక్క ఒకటి దూర్చి, సందులోకి హ్యాక్సా బ్లేడు పోనివ్వండి. ఫ్రేము పట్టదు కాబట్టి బ్లేడు ఒక కొసకి మందంగా గుడ్డ చుట్టి చేత్తో పట్టుకోవాలి. మేకులు మెత్తటి ఇనుమే, తొందరగానే తెగుతాయి. చాలా ప్యాలెట్లు విప్పే పని ఉంటే ముందుకీ వెనక్కీ కదిలే కరెంటు రంపానికి ఇనుము కోసే పొడుగు బ్లేడు వేసుకోవడం మేలు. నీలగిరి, తుమ్మ ప్యాలెట్లకైతే మొదటినుంచీ ఇదే దారి, మీటతో సందు తెరవడం వరకే.

వీపు పలకల కోసం మీటరు పొడుగువి మూడు కావాలి. వీటిని మధ్యలో కోయకూడదు. అడుగునున్న ఆరు పలకల్లోంచి నారలు తిన్నగా ఉన్న మూడింటిని ఎంచి, మూడు చోట్లా కొంచెం కొంచెంగా మీటతో లేపి, ముందు మధ్య మేకుల్ని హ్యాక్సాతో కోసేయండి. కొసల మేకులు అప్పుడు పైన చెప్పినట్టే వస్తాయి, రాకపోతే వాటినీ కోయండి. ఓపికగా చేయాల్సిన పని ఏదైనా ఉంటే ఈ మూడు పలకలదే.

మేకుతో సహా ఊడివచ్చిన పలకని బోర్లించి, మేకు మొన మీద సుత్తితో తట్టితే తల అటువైపు తేలుతుంది, అప్పుడు పటకారు పట్టుకుంటుంది. కోసిన మేకైతే దాని తుండు మీద సన్నటి ఇనుప కడ్డీ ఆనించి తడితే చాలు. రన్నర్లలో మిగిలిన మేకుల విషయంలో పంతం వద్దు. వచ్చినవి లాగండి, రానివి చెక్కతో సమానంగా కోసి, ఆ చోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. తర్వాత ఎక్కడ కోయాలన్నా, బెజ్జం వేయాలన్నా ఆ గుర్తుని తప్పించుకోవచ్చు. చిత్రిక పట్టే ఉద్దేశం ఉంటే మాత్రం ముందు చెక్కంతా ఒక అయస్కాంతాన్ని నడిపించి చూడండి. కనబడని మేకు ఒక్కటి చాలు చిత్రిక అంచు పాడవడానికి.

ఆరు రన్నర్లనీ ఇలా పంచుకుందాం. రెండింటిని 910 మి.మీ.కి కోస్తే ముందు, వెనక అడ్డపట్టెలు వస్తాయి. ఇంకో రెండింటి నుంచి ఒక్కోదానిలో 820 వెనక కాలు ఒకటి, 330 పొట్టి ముక్క ఒకటి. అయిదో దాని నుంచి 420 ముందు కాళ్లు రెండు, 330 ముక్క ఒకటి. ఆరోదాని నుంచి 385 పక్క పట్టెలు రెండు, 330 ముక్క ఒకటి. ఒక్క రన్నరులోనూ కొరత రాదు.

నాలుగు పొట్టి ముక్కలు ఎందుకంటే, బెంచీ ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పేది అవే. ఇంటి దగ్గర చేసే బెంచీల్లో అడ్డపట్టెని కాలి పక్కన ఆనించి రెండు స్క్రూలు బిగిస్తారు. అప్పుడు మనిషి బరువంతా ఆ స్క్రూల మీద వేలాడుతుంది. చెక్క తడిసి ఎండుతున్నకొద్దీ స్క్రూ చుట్టూ బెజ్జం వెడల్పవుతుంది, ఏడాది తిరక్కుండా బెంచీ కదలడం మొదలెడుతుంది. బరువు చెక్క నుంచి చెక్కకి దిగి నేలకి పోవాలి. ఇనుము పని ఆ చెక్కల్ని చెదరకుండా పట్టి ఉంచడం వరకే.

అందుకని ప్రతి కాలికీ లోపలివైపు ఒక 330 ముక్కని నేల నుంచి నిలబెట్టి, ఎనిమిది మి.మీ. బోల్టులు రెండు వేసి బిగించండి. రెండు చెక్కలూ కలిపి 90 మందం కాబట్టి బోల్టు 110 పొడవు ఉండాలి, రెండు పక్కలా వాషర్లు వేయాలి. ఇప్పుడు పొట్టి ముక్క నెత్తి మీద 45 మందం, 90 పొడవు ఉన్న మెట్టు దొరికింది. ముందు కాళ్లలో ఆ మెట్టు ముందు సగం మీద 910 పట్టె కొస కూర్చుంటుంది, వెనక సగం మీద పక్క పట్టె కొస. వెనక కాళ్లలో ఇదే తిరగేసి: వెనక సగం మీద అడ్డపట్టె, ముందు సగం మీద పక్క పట్టె. పట్టెలన్నీ 90 ఎత్తు నిలువుగా నిలబడతాయి. 330కి 90 కలిపితే 420, ముందు కాలు ఎత్తు అంతే. దాని మీద 18 పలక వేస్తే కూర్చునే ఎత్తు 44 సెంటీమీటర్లకి కాస్త తక్కువ.

పక్క పట్టెల్ని కాళ్లకి ఒక్కో కొసన ఒక్కో బోల్టుతో, అడ్డపట్టెల్ని బయటినుంచి ఒక్కో కొసన వంద మి.మీ. స్క్రూలు రెండేసి వేసి బిగించాలి. బిగించే ముందు ఎదురుబొదురు మూలల మధ్య కొలవండి. వెయ్యికి 475 చట్రం మూలమట్టంలో ఉంటే రెండు కొలతలూ 1,107 మి.మీ. దగ్గర సమానంగా వస్తాయి. తేడా ఉంటే ఎక్కువ వచ్చిన మూలని లోపలికి నెట్టి, సరిపోయాకే బిగించండి.

కూర్చునే పలకలు పది. పది తొంభై అయిదులు 950, మిగిలిన 50ని తొమ్మిది సందులకి పంచితే ఒక్కోటి అయిదున్నర మి.మీ. వస్తుంది. ఆ సందు తప్పనిసరి. వానాకాలంలో చెక్క వెడల్పు పెరుగుతుంది, సందు లేకపోతే పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుని పైకి లేస్తాయి. నీళ్లు జారిపోవడానికీ అదే దారి. రెండు చివరి పలకలకి వెనక మూలలో కాలు దూరేలా 45కి 90 గాడి కోయాలి.

విప్పేటప్పుడు పగలకుండా కాపాడుకున్న పలక బిగించేటప్పుడు పగలడం కంటే బాధ ఉండదు. కొస నుంచి 22 మి.మీ. లోపలికి, పాత బెజ్జాన్ని తప్పించి, ముందు మూడు మి.మీ. డ్రిల్లుతో బెజ్జం వేయండి. స్క్రూ తల చెక్కతో సమంగా కూర్చునేలా పైన కాస్త గుంట తీయండి. 50 మి.మీ. స్క్రూలు వాడితే 32 మి.మీ. పట్టెలోకి దిగుతుంది. కొసకి రెండు చొప్పున నలభై స్క్రూలు కావాలి. గట్టి కలపైతే స్క్రూ మరలకి కాస్త సబ్బు రాయడం మన వడ్రంగుల పాత అలవాటు, అది తేలిగ్గా దిగుతుంది. ఫాల్స్ సీలింగు పనిలో వాడే నల్ల స్క్రూలు చవకే, కానీ అవి పెళుసు, పైగా వానకి తుప్పు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలువి కొనండి. ఈ బెంచీలో డబ్బు ఖర్చుపెట్టాల్సిన చోటు ఇదొక్కటే.

నిట్టనిలువు వీపుతో ఎవరూ ఎక్కువసేపు కూర్చోలేరు. వెనక కాలులో కూర్చునే పలక పైనున్న 380 మి.మీ. భాగాన్ని ముందువైపు నుంచి ఏటవాలుగా కోయాలి. కింద 90 ఉన్న వెడల్పు పైకొసకి 45 అయ్యేలా ఒక గీత గీసి రంపం పట్టండి. సుమారు ఏడు డిగ్రీల వాలు వస్తుంది, చూపుకి తెలియదు గానీ నడుముకి తెలుస్తుంది. ఈ కోత దారిలో ఉన్న మేకుల్ని మాత్రం కోసి వదిలేయడం కుదరదు, అన్నీ పూర్తిగా తీయాల్సిందే. మొండిదాని చుట్టూ సన్న ఉలితో కాస్త తవ్వి పటకారు దింపండి. ఏటవాలు ముఖం మీద మూడు పొడుగు పలకల్నీ కాళ్లకి బిగించాలి. కింద 55 మి.మీ. ఖాళీ, పలకల మధ్య ఇరవై చొప్పున వదిలితే 380 సరిగ్గా నిండుతుంది. పలకలు ముందువైపు ఉన్నాయి కాబట్టి ఆనుకున్నప్పుడు బరువు కాళ్ల మీద పడుతుంది, స్క్రూలని లాగదు. ఒక పలక ఒంటరిగా వంగకుండా, మూడింటినీ కలుపుతూ వెనక మధ్యలో 300 మి.మీ. నిలువు చెక్క ఒకటి వేయండి.

ఇంతవరకూ చేశాక బెంచీ మీద కూర్చుని కుడికీ ఎడమకీ ఊగి చూడండి. ముందుకీ వెనక్కీ అది కదలదు గానీ పక్కలకి కాస్త ఊగుతుంది. అడ్డపట్టెల కొసల్లోకి దిగిన స్క్రూలు నార వెంబడే పోతాయి, వాటి పట్టు తక్కువ. వెనకవైపు, వెనక కాలికీ అడ్డపట్టెకీ మధ్య ఏటవాలుగా, మిగిలిన పలకల నుంచి 300 మి.మీ. ముక్క చెరో పక్కన వేసి, ప్రతి కొసకీ రెండు స్క్రూలు బిగిస్తే త్రికోణం ఏర్పడి ఊగడం ఆగిపోతుంది. ముందువైపు కాళ్లకి అడ్డు వస్తుంది కాబట్టి అక్కడ వద్దు.

గరుకు కాగితం 80 నంబరుతో మొదలుపెట్టి 120తో ముగిస్తే చాలు, ఫర్నిచరు నునుపు తోటలో అక్కర్లేదు. తొడల కింద పడే ముందు అంచుని మాత్రం బాగా గుండ్రంగా అరగదీయండి. మెరిసే వార్నిషు మన ఎండకి పగిలి పొరలుగా లేస్తుంది, ఆ పగుళ్లలో చేరిన నీరు బయటికి పోదు. చెక్కలోకి ఇంకే ఆరుబయటి నూనె రెండు పూతలు వేసి, ఏటా వానలకి ముందు ఇంకో పూత వేయడమే తేలిక. ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. కొన్ని నూనెలు ఆరేటప్పుడు వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విడదీసి ఆరేసి, తర్వాత పారేయండి.

బెంచీని మట్టి మీద నేరుగా పెట్టొద్దు. నీరు కాలి కొసల నుంచే ఎక్కుతుంది, చెద కూడా అక్కడినుంచే. కొసలకి చెదల మందు తాగినంత తాగించి ఆరాక, ఒక్కో కాలి కింద చెయ్యంత గ్రానైటు ముక్క వేయండి. గ్రానైటు కోసే చోట తుంటలు గుట్టలుగా పడి ఉంటాయి. రాయి అంచు కాలికంటే అయిదారు సెంటీమీటర్లు బయటికి ఉండేలా చూసుకోండి. చెద మట్టి గొట్టం కట్టుకుంటూనే పైకి రావాలి, రాతి మీద ఆ గొట్టం దూరం నుంచే కనబడుతుంది. కనబడినప్పుడు తుడిచేసి మళ్లీ మందు రాయాలి. మొదటి వానాకాలం దాటాక బోల్టులన్నీ ఒకసారి బిగించండి. చెక్క ఎండి కుంచించుకుపోయేసరికి అవి కాస్త వదులవుతాయి, సగం చుట్టు తిప్పితే సరిపోతుంది.